రేగడి మట్టికి లిక్విడ్ లిమిట్, ప్లాస్టిక్ లిమిట్ ఎలా కట్టాలి? వచ్చిన పీఐని ఎలా చదవాలి?

"పీఐ 36 వచ్చింది సార్, పాసా ఫెయిలా?" ఆదోని, ఆలూరు, జమ్మలమడుగు వైపు రేగడి నేలలో ఇల్లు కట్టుకునేవాళ్లు మట్టి రిపోర్టు పట్టుకొని వచ్చి అడిగే మొదటి మాట ఇది. సైట్‌లో కొత్తగా చేరిన డిప్లొమా పిల్లలు కూడా దాదాపు ఇదే అడుగుతారు. ఇది పాస్ మార్కులున్న పరీక్ష కాదు. ఆ అంకె ఎలా వచ్చిందో, ఎంతవరకు నమ్మొచ్చో తెలిస్తేనే దాన్నిబట్టి పునాది గురించి మాట్లాడగలం. అందుకే టెస్టు చేసే పద్ధతితో మొదలుపెట్టి, ఆదోని వైపు మట్టికి వచ్చేలాంటి అంకెలతో చివరిదాకా లెక్క వేసి చూపిస్తాను. పద్ధతి ఐఎస్ 2720 పార్ట్ 5 (1985) ప్రకారం.

ముందు రెండు ముక్కలు తెలిస్తే చాలు. తడి ముద్ద తన బరువుకే జారడం మొదలయ్యే దగ్గరున్న నీటి శాతం లిక్విడ్ లిమిట్. అదే ముద్ద ఆరుతూ వచ్చి, చేత్తో రోల్ చేస్తే పొడిపొడిగా విరిగే దగ్గరున్న నీటి శాతం ప్లాస్టిక్ లిమిట్. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే ప్లాస్టిసిటీ ఇండెక్స్, అంటే పీఐ. ఎండిన మట్టి బరువుతో పోలిస్తే నీటి బరువు ఎంత శాతమో అదే ఇక్కడ నీటి శాతం. అందుకే అది వంద దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

కావలసినవి

- క్యాసగ్రాండే పరికరం (ఇత్తడి కప్పు, రబ్బరు దిమ్మ, తిప్పే పిడి), గాడి తీసే గ్రూవింగ్ టూల్
- 425 మైక్రాన్ల జల్లెడ, రబ్బరు తొడుగున్న రోకలి
- 0.01 గ్రాము వరకు చూపే త్రాసు
- మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలు ఓ పది, ఒక్కోదానికీ నంబరు వేసి
- 105 నుంచి 110 డిగ్రీల దగ్గర నిలిచే ఓవెన్
- గాజు పలక, స్పాచులా, 3 మి.మీ. మందం ఉన్న స్టీల్ కడ్డీ ఒకటి
- డిస్టిల్డ్ వాటర్

డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే బ్యాటరీల్లో పోసే నీళ్లు తెచ్చుకోండి. బోరు నీళ్లు మాత్రం వద్దు. మన వైపు చాలా బోర్ల నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా పొర కడతాయి కదా, ఆ కాల్షియం రేగడి మట్టిలోని మాంట్‌మొరిల్లొనైట్ రేణువులకు పట్టుకొని వాటి ఉబ్బును తగ్గిస్తుంది. అప్పుడు లిక్విడ్ లిమిట్ ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది.

మట్టిని సిద్ధం చేయడం

1. పునాది అడుగు వచ్చే లోతు నుంచి రెండు కిలోల మట్టి తీయండి. అందులో ఓ పిడికెడు వెంటనే డబ్బాలో వేసి మూత బిగించండి. అది సైట్‌లో ఉన్న నీటి శాతం కోసం. చివర్లో దాని అవసరం చాలా ఉంది, చాలామంది మర్చిపోయేది కూడా దాన్నే.

2. మిగతా మట్టిని నీడలో గాలికి ఆరబెట్టండి. తొందరపడి ఓవెన్‌లో పెట్టొద్దు. ఒకసారి ఓవెన్‌లో పూర్తిగా ఎండిన మట్టి తర్వాత నీళ్లు పోసినా మునుపటిలా తాగదు. కుళ్లిన ఆకు, వేరు కలిసిన చెరువు మట్టిలో ఈ తేడా మరీ ఎక్కువ. ఓవెన్‌లో ఎండబెట్టి చేసిన లిక్విడ్ లిమిట్, మామూలుగా చేసినదానిలో ముప్పావు వంతుకన్నా తగ్గితే అది సేంద్రియ మట్టి అని గుర్తుపట్టే పద్ధతి కూడా ఉంది.

3. ఆరిన రేగడి పెళ్లలు రాయిలా ఉంటాయి. రబ్బరు రోకలితో ఓపిగ్గా నలిపి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందికి దిగింది పావు కిలో దాకా పోగుచేయండి.

జల్లెడ మీద మిగిలిన దాన్ని ఓసారి వేళ్ల మధ్య నలిపి చూడండి. ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి, రెండూ పీఐని తగ్గించేవే. నలగని పెళ్లలను "ఇది జల్లెడ దిగలేదు" అని పారేయడం మొదటిది. నిజానికి నలగకుండా మిగిలినవే అసలైన బంకమట్టి గడ్డలు. వాటిని పారేస్తే ఇసుక పాలు ఎక్కువున్న మట్టిని టెస్టు చేసినట్టవుతుంది. దీనికి తలకిందులుగా, రేగడిలో కనిపించే తెల్లటి సున్నపు గుళికలను కూడా సుత్తితో పొడి చేసి కలిపేయడం రెండో తప్పు. ఆ సున్నపు పొడి బంకమట్టి కాదు, కానీ బరువులో లెక్కకు వస్తుంది. నల్లటి పెళ్లయితే నలపండి, తెల్లటి గుళికైతే తీసి పక్కన పెట్టండి.

4. 120 గ్రాముల పొడిని గాజు పలక మీద పోసి నీళ్లు కలపండి. రేగడికైతే 50 మి.లీ.తో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ గోరింటాకు ముద్దలాగా అయ్యేదాకా స్పాచులాతో రుద్దుతూ కలపాలి. తర్వాత గాలి తగలని డబ్బాలో వేసి 24 గంటలు వదిలేయండి. ఎర్రమట్టికి ఇంతసేపు అక్కర్లేదు. రేగడికి మాత్రం ఇది తప్పనిసరి. నీరు రేణువుల పొరల మధ్యకు చేరడానికి సమయం పడుతుంది. పొద్దున కలిపి మధ్యాహ్నానికే టెస్టు చేస్తే అంకె తక్కువ వస్తుంది.

లిక్విడ్ లిమిట్

5. ముందు పరికరాన్ని చూసుకోండి. కప్పు పైకి లేచినప్పుడు, దిమ్మను తాకే చోటు నుంచి సరిగ్గా 10 మి.మీ. ఎత్తు ఉండాలి. గ్రూవింగ్ టూల్ పిడి మందం 10 మి.మీ. ఉంటుంది, దాన్నే కప్పు కింద పెట్టి సరిచూడొచ్చు. కాలేజీ ల్యాబుల్లో ఏళ్ల తరబడి వాడిన కప్పుల అడుగున అరిగిన మచ్చ ఉంటుంది. ఎత్తు కొలిచేటప్పుడు ఆ మచ్చనే చూడాలి. కప్పు కీలు దగ్గర పక్కలకు ఊగుతుంటే ముందు స్క్రూ బిగించండి.

6. ముద్దను మళ్లీ బాగా కలిపి, కప్పులో వేసి, లోతైన చోట 1 సెం.మీ. మందం ఉండేలా పైన చదును చేయండి. లోపల గాలి బుడగ మిగలకూడదు. టూల్‌ను కప్పుకు నిట్టనిలువుగా పట్టుకొని మధ్యలో గాడి తీయండి. గాడి అడుగున 2 మి.మీ. వెడల్పు, పైన 11 మి.మీ., లోతు 8 మి.మీ. ఉండాలి. టూల్ మొన అరిగితే గాడి వెడల్పు మారిపోతుంది, అప్పుడు కొత్త టూల్ కొనడమే దారి.

7. సెకనుకు రెండు దెబ్బల లెక్కన పిడి తిప్పండి. గాడి అడుగున రెండు వైపుల మట్టి 12 మి.మీ. పొడవునా కలుసుకోగానే ఆపి, దెబ్బలు ఎన్నో రాసుకోండి.

కలుసుకోవడం ఎలా జరిగిందో కళ్లు పెట్టి చూడండి. మట్టి కింది నుంచి మెల్లగా పారి కలవాలి. అలా కాకుండా మొత్తం ముద్ద కప్పు మీద జారి దగ్గరకొస్తే ఆ లెక్క పనికిరాదు. రేగడిలో ఇది అరుదు. అనంతపురం ఎర్ర ఇసుక మట్టిలో తరచూ జరుగుతుంది. అలాంటి మట్టికి కోన్ పెనెట్రోమీటర్ వాడండి. 80 గ్రాముల శంకువు మట్టిలోకి 20 మి.మీ. దిగేటప్పుడు ఉన్న నీటి శాతమే అందులో లిక్విడ్ లిమిట్. చేసే మనిషి చేతివాటం దాని మీద తక్కువ పడుతుంది కాబట్టి నా మట్టుకు నాకు ఏ మట్టికైనా అదే ఇష్టం. కానీ అన్ని చోట్లా ఉండేది క్యాసగ్రాండే కప్పే.

8. గాడికి అడ్డంగా, కలుసుకున్న చోటు కూడా వచ్చేలా స్పాచులా వెడల్పున ఒక ముక్క కోసి, కనీసం 10 గ్రాములు డబ్బాలో వేసి వెంటనే మూత పెట్టి తూకం వేయండి.

9. ముద్దలో కొన్ని చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చేయండి. ఇలా నాలుగుసార్లు. దెబ్బలు 15కు తగ్గకుండా, 35 దాటకుండా ఉండాలి. గట్టి ముద్దతో మొదలుపెట్టి పలచన చేసుకుంటూ పోవాలి. ముద్ద మరీ పలచనైతే పొడి మట్టి చల్లొద్దు. ఆ పొడి 24 గంటలు నానలేదు కదా. ముద్దను గాలిలో పిసుకుతూ ఆరనివ్వండి.

10. డబ్బాలను ఓవెన్‌లో 24 గంటలు పెట్టి, చల్లారాక తూచండి.

ఇప్పుడు మన ఉదాహరణ. ఒక డబ్బా ఖాళీగా 18.42 గ్రాములు, తడి మట్టితో 41.26, ఎండాక 32.39. పోయిన నీరు 8.87, ఎండిన మట్టి 13.97. నీటి శాతం 63.5. నాలుగు డబ్బాలకూ ఇలాగే లెక్క వేస్తే:

| దెబ్బలు | నీటి శాతం |
|---|---|
| 34 | 59.7 |
| 28 | 61.0 |
| 21 | 63.5 |
| 16 | 65.4 |

సెమీ లాగ్ గ్రాఫు మీద దెబ్బలను లాగ్ వైపు, నీటి శాతాన్ని మామూలు వైపు వేసి, చుక్కల మధ్యగా ఒక సరళ రేఖ గీయండి. 25 దెబ్బల దగ్గర 62 వచ్చింది. అదే లిక్విడ్ లిమిట్. నాలుగింటిలో ఒక చుక్క గీతకు దూరంగా పడితే దాన్ని బలవంతంగా కలపకుండా ఆ డబ్బా తూకం మళ్లీ చూడండి. చాలాసార్లు అక్కడ తప్పింది డబ్బా నంబరే. నీటి శాతం పెరిగినా దెబ్బలు తగ్గకపోతే మాత్రం ముద్ద సరిగ్గా కలవలేదని అర్థం.

ప్లాస్టిక్ లిమిట్

చూడటానికి తేలిక, చేయడానికి కష్టం ఇదే. లిక్విడ్ లిమిట్‌లో నాలుగు చుక్కలు ఒకదాన్నొకటి సరిదిద్దుతాయి. ఇక్కడ మీ వేళ్లు, మీ కన్ను తప్ప ఇంకేమీ లేవు. ఇక్కడ చేసిన తప్పు పూర్తిగా పీఐలోకి దిగుతుంది.

11. నానిన మట్టిలోంచి 20 గ్రాములు తీసుకొని, వేళ్లకు అంటుకోనంత ఆరేదాకా పిసకండి. అందులో 8 గ్రాముల ఉండ చేసి, గాజు పలక మీద చేతి వేళ్లతో ముందుకీ వెనక్కీ రోల్ చేయండి. నిమిషానికి 80 నుంచి 90 సార్లు. అలా దారంలా సాగే థ్రెడ్ అంతటా ఒకే మందం ఉండాలి. పక్కనే 3 మి.మీ. కడ్డీ పెట్టుకొని చూస్తూ ఉండండి. కంటి అంచనాకు వదిలేస్తే చాలామంది 4 మి.మీ. దగ్గరే ఆగిపోతారు.

12. 3 మి.మీ. వచ్చినా థ్రెడ్ విరగకపోతే ఇంకా తడి ఉన్నట్టు. మళ్లీ ఉండ చేసి, పిసికి, రోల్ చేయండి. సరిగ్గా 3 మి.మీ. దగ్గర ముక్కలై పోయేదాకా ఇదే పని. రేగడిలో ప్లాస్టిక్ లిమిట్ దగ్గర పడేకొద్దీ వేళ్లతో బాగా ఒత్తాల్సి వస్తుంది. థ్రెడ్ పొడిగా రాలదు, చిన్న పీపాల్లాంటి పొట్టి ముక్కలుగా తెగుతుంది. అది చాలు. పైన సన్నటి పగుళ్లు కనిపించగానే ఆపేయొద్దు.

ఎండాకాలంలో చేస్తుంటే ఫ్యాన్ ఆపండి. కర్నూలు ఎండలకు థ్రెడ్ పైపొర ముందే ఆరి పగులుతుంది, లోపల మాత్రం తడిగానే ఉంటుంది. పగిలింది కదా అని డబ్బాలో వేస్తే లోపలి తడి కూడా లెక్కకొచ్చి ప్లాస్టిక్ లిమిట్ ఎక్కువ వస్తుంది.

13. తెగిన ముక్కలను వెంటనే డబ్బాలో వేసి మూత పెట్టండి. ఇలా మూడు వేరువేరు ఉండలతో చేయాలి. 5 గ్రాముల తడి ముక్కల్లో నీరు ఉండేది ఒక్క గ్రాము మాత్రమే. త్రాసు 0.1 గ్రాము దాకానే చూపితే నీటి శాతంలో రెండున్నర పాయింట్ల తేడా అక్కడే వచ్చేస్తుంది. 0.01 త్రాసు అడిగింది ఇందుకే.

మన మట్టికి 25.1, 26.3, 25.6 వచ్చాయి. మూడూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి సగటు తీసి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 26. ఒకటి 25, ఇంకోటి 30 వచ్చి ఉంటే సగటు తీయకుండా మళ్లీ చేయాల్సిందే.

పీఐ = 62 − 26 = 36.

వచ్చిన అంకె నమ్మొచ్చా?

14. క్లేని సిల్ట్ నుంచి విడదీసే గీత అయిన ఏ-లైన్‌తో పోల్చండి. 0.73 × (లిక్విడ్ లిమిట్ − 20). మనకు 0.73 × 42 = 30.7. పీఐ 36 దానికన్నా పైన ఉంది కాబట్టి ఇది క్లే. కింద ఉంటే సిల్ట్ లేదా సేంద్రియ మట్టి. ఐఎస్ 1498 ప్రకారం లిక్విడ్ లిమిట్ 35 లోపు ఉంటే సీఎల్, అంటే తక్కువ ప్లాస్టిసిటీ ఉన్న క్లే, 35 నుంచి 50 వరకు సీఐ, అంటే మధ్యస్థం, 50 దాటితే సీహెచ్, అంటే ఎక్కువ. మనది సీహెచ్.

15. యూ-లైన్ కూడా చూడండి: 0.9 × (లిక్విడ్ లిమిట్ − 8). మనకు 48.6. సహజమైన మట్టి దాదాపు ఎప్పుడూ ఈ గీత దాటదు. మీ పీఐ దీనికన్నా ఎక్కువొస్తే వర్గీకరణ గురించి ఆలోచించకుండా ముందు ప్లాస్టిక్ లిమిట్ మళ్లీ చేయండి. థ్రెడ్ లావుగా ఉన్నప్పుడే తెగితే మట్టి అప్పటికే ఎక్కువ ఆరిపోయినట్టు. దాన్ని లెక్కలోకి తీసుకుంటే ప్లాస్టిక్ లిమిట్ తగ్గి, పీఐ పెరిగిపోతుంది.

దీనికి తలకిందులైన తప్పు ఇంకా ప్రమాదం. ఇదే మట్టికి ఎవరో థ్రెడ్ మొదటిసారి 3 మి.మీ. కాగానే, తెగకుండానే డబ్బాలో వేసి 33 రాశారనుకోండి. పీఐ 29 అవుతుంది. ఏ-లైన్ విలువ 30.7 కదా, అంటే కాగితం మీద ఇది సీహెచ్ కాస్తా ఎంహెచ్, అంటే సిల్ట్, అయిపోయింది. మట్టి మారలేదు, పేరు మారింది. నల్లగా, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిచ్చే రేగడికి ఎంహెచ్ అని రిపోర్టు వస్తే ప్లాస్టిక్ లిమిట్ షీటు తెప్పించుకొని చూడండి.

పీఐ ఏం చెబుతుంది?

మట్టి ఎంత నీరు తాగి కూడా ముద్దలా నిలబడగలదో పీఐ చెబుతుంది. అంత నీరు పట్టాలంటే ఉబ్బే రేణువులు ఎక్కువ ఉండాలి. అందుకే పీఐ పెరిగేకొద్దీ వానకు ఉబ్బడం, ఎండకు కుంచించుకుపోవడం పెరుగుతాయి. నీరు ఇంకడం నెమ్మదిస్తుంది. తడిసినప్పుడు రోలర్ కింద మట్టి అణగకుండా అంటుకుంటుంది. ఐఎస్ 1498 ఉబ్బే గుణాన్ని ఇలా విడగొడుతుంది:

| లిక్విడ్ లిమిట్ | పీఐ | ఉబ్బే గుణం |
|---|---|---|
| 20–35 | 12 లోపు | తక్కువ |
| 35–50 | 12–23 | మధ్యస్థం |
| 50–70 | 23–32 | ఎక్కువ |
| 70–90 | 32 పైన | చాలా ఎక్కువ |

మన మట్టి లిక్విడ్ లిమిట్ ప్రకారం "ఎక్కువ", పీఐ ప్రకారం "చాలా ఎక్కువ". రెండు గడులు కలవకపోవడం మామూలే. అప్పుడు చెడ్డదాన్నే పట్టుకొని ఫ్రీ స్వెల్ ఇండెక్స్ చేయండి. పది గ్రాముల ఎండిన పొడి రెండు వాటాలు తీసుకొని, 100 మి.లీ. గాజు సిలిండర్లలో ఒకదానిలో నీళ్లు, ఇంకోదానిలో కిరోసిన్ పోసి 24 గంటలు ఉంచాలి. అడుగున పేరుకున్న మట్టి నీళ్లలో 23 మి.లీ., కిరోసిన్‌లో 11 మి.లీ. దాకా వస్తే, తేడా 12ను 11తో భాగించి శాతం చేస్తే 109. వంద దాటితే "ఎక్కువ" గడి, కాబట్టి ఈ మట్టి ఉబ్బుతుందనడంలో అనుమానం లేదు.

రోడ్డు పనుల్లో ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త. కట్టకు వాడే మట్టిలో లిక్విడ్ లిమిట్ 70, పీఐ 45 దాటకూడదని రోడ్ల స్పెసిఫికేషన్. ఆ లెక్కన 62, 36 ఉన్న ఈ మట్టి దర్జాగా దాటుతుంది. కానీ అదే స్పెసిఫికేషన్ ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 50 శాతం దాటిన మట్టిని ఉబ్బే మట్టిగా లెక్కగట్టి అభ్యంతరం చెబుతుంది. పీఐ ఒక్కటే చూసి లారీలు దించుకుంటే సబ్‌గ్రేడ్ దగ్గర ఇరుక్కుంటారు.

పీఐ చెప్పనిది కూడా ఒకటుంది. ఉబ్బగల గుణం ఎంతో చెబుతుంది కానీ ఈ సైట్‌లో ఇప్పుడు ఎంత ఉబ్బుతుందో చెప్పదు. అది మొదట్లో డబ్బాలో దాచిన పిడికెడు మట్టి చెబుతుంది. మే నెలలో ఒక మీటరు లోతున నీటి శాతం 14 వచ్చిందనుకోండి. ప్లాస్టిక్ లిమిట్ 26 కన్నా బాగా కింద ఉంది, అంటే మట్టి దప్పికతో ఉంది. దాని మీద పునాది వేసి, జూన్ తర్వాత వానలు పడినా, స్నానాల గది పైపు కారినా అది నీరు తాగి లేస్తుంది. ఒక అంతస్తు ఇల్లు, కాంపౌండ్ గోడ లాంటి తేలిక కట్టడాలకు దాన్ని అణిచిపెట్టేంత బరువు ఉండదు. అందుకే రేగడిలో ముందు పగిలేవి అవే. అదే గుంతలో మూడు మీటర్ల దగ్గర 27 వస్తే, అక్కడి మట్టి ప్లాస్టిక్ లిమిట్ దగ్గరే ఉంది, ఏడాది పొడవునా పెద్దగా మారదు. రెండు చోట్లా పీఐ 36 కావచ్చు, పునాది ఆనాల్సింది మాత్రం రెండోదాని మీద. అడుగు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ వేసినా, పై మట్టి తీసి గరుసు నింపినా, తేమ మారే పొరను దాటించడమే ఉద్దేశం.

అందుకే రిపోర్టులో పీఐ పక్కన లోతు, తేదీ, సైట్ నీటి శాతం లేకపోతే రాయించుకోండి.

చివరగా ఎర్రమట్టి సంగతి. అనంతపురం వైపు ఇసుక పాలు ఎక్కువున్న మట్టి తెస్తే ముందు ప్లాస్టిక్ లిమిట్‌తోనే మొదలుపెట్టండి. 3 మి.మీ. థ్రెడ్ అసలు రాకపోతే ఎన్‌పీ, అంటే నాన్ ప్లాస్టిక్, అని రాయండి. సున్నా అని రాయొద్దు. రెండు లిమిట్లూ కొలవగలిగి, ప్లాస్టిక్ లిమిట్ లిక్విడ్ లిమిట్‌తో సమానంగానో ఎక్కువగానో వస్తేనే పీఐ సున్నా. రోడ్డు సబ్ బేస్‌కు గరుసు చూస్తున్నట్టయితే 425 మైక్రాన్ల కింది భాగానికి లిక్విడ్ లిమిట్ 25, పీఐ 6 దాటకూడదు. ఇంత చిన్న పీఐ దగ్గర ప్లాస్టిక్ లిమిట్‌లో రెండు పాయింట్ల తప్పు చాలు, క్వారీ మొత్తాన్ని ఒప్పుకోవడానికో తిప్పి పంపడానికో. అక్కడ మూడు ఉండలతో ఆగకుండా ఇంకో మనిషితో కూడా మూడు చేయించి కలిపి చూసుకోండి.